అమ్మానాన్నల 50 ఏళ్ళు, 40 పేజీలు

ఈ మే నెలకి మా అమ్మానాన్నల పెళ్ళయి 50 ఏళ్ళు నిండాయి. ఏమివ్వాలా అని నేనూ తమ్ముడూ జనవరి నుంచే ఫోన్లలో తర్జనభర్జన పడ్డాం. పట్టుబట్టలు పెడితే అమ్మ బీరువా అడుగున దాచేస్తుంది. బంగారం పెడితే నాన్న మర్నాడే బ్యాంకు లాకర్లో పెట్టేసి వస్తారు. రోజూ తీసి చూసుకునేది ఏదైనా ఇద్దామనుకుని, చివరికి ఫోటోల ఆల్బమ్ దగ్గర ఆగాం.

"ఫోటోలకేం కొదవక్కా! నా ఫోన్లోనే నాలుగు వేలున్నాయి" అన్నాడు తమ్ముడు డాలస్ నుంచి. వాడికేం, వాడు అక్కడ కూర్చుని పంపిస్తాడు. వాటిలోంచి ఏరాల్సింది నేను కదా!

తెనాలి వెళ్ళి అమ్మ దగ్గరున్న పాత ఆల్బమ్‌లు తీసుకురావడం మొదటి పని. చెప్పకుండా చెయ్యాలనుకున్నాం కాబట్టి, మావాడికి స్కూల్లో వంశవృక్షం ప్రాజెక్టు ఇచ్చారని చెప్పాను. పాపం, అమ్మ మంచం కింద ట్రంకు పెట్టె లాగించి అన్నీ బయట పెట్టింది. మూడు ఆల్బమ్‌లు, రెండు పాత స్టూడియో కవర్లు, నాన్న రిటైర్మెంటు ఫైలు, ఓ చెప్పుల పెట్టె నిండా విడి ఫోటోలు. ఆ మధ్యాహ్నమంతా జంపఖానా మీద కూర్చుని ఒక్కోటీ తీస్తూ, "ఇది మీ పెద్దత్తయ్య సీమంతం", "ఈ చీర మీ తాతయ్య గుంటూరులో కొన్నారు" అంటూ చెప్తుంటే నేను ఫోన్లో రికార్డు చేసుకున్నాను. ఆల్బమ్ చేసేవాళ్ళకి నేను చెప్పే మొదటి మాట ఇదే. ఫోటో వెనక ఏమీ రాసి ఉండదు. అది ఎవరి పెళ్ళో, ఏ ఊరో చెప్పగలిగే మనిషి ఎదురుగా ఉన్నప్పుడే అడిగి పెట్టుకోవాలి. మా పెద్దత్తయ్య పోయాక నాన్న వైపు పాత ఫోటోల్లో సగం మొహాలకి పేర్లు లేకుండా పోయాయి.

ఇంటికొచ్చాక అన్నీ నేల మీద పరిచి, పదేళ్ళకొక కుప్ప వేశాను. 1975 నుంచి 85 దాకా ఒకటి, 85 నుంచి 95 దాకా ఒకటి, అలా అయిదు కుప్పలు. ఏ ఏడాదో తెలియనివాటికి ఫోటోలోనే ఆనవాళ్ళు వెతికాను. గోడ మీద క్యాలెండరు ఉంటే భూతద్దంతో చదవచ్చు. అంచులు రంపంలా కత్తిరించిన తెల్ల బార్డరు నలుపు తెలుపు ఫోటోలు మా ఇంట్లో అన్నీ 80కి ముందువే. తమ్ముడు 81లో పుట్టాడు కాబట్టి, వాడు చంకలో ఉన్నాడా, నిలబడ్డాడా, నిక్కరు వేసుకున్నాడా అన్నదాన్ని బట్టి మిగతావి తేలిపోయాయి. పిల్లల ఎత్తుని మించిన క్యాలెండరు లేదు.

తర్వాత లెక్కపెట్టాను. మొదటి పదేళ్ళ కుప్పలో 23 ఫోటోలు. రెండోదానిలో 61. మూడోదానిలో 140. నాలుగోదానిలో మూడొందల పైన. అయిదోది కుప్ప కాదు, సముద్రం. తమ్ముడి నాలుగు వేలూ, నావీ, వదినలవీ, ఆడపడుచులవీ అన్నీ కలిపితే దానికి అంతే లేదు. ఇలా ఉన్నదాన్ని బట్టి ఏరితే ఆల్బమ్‌లో ముప్పాతిక భాగానికి పైగా ఈ పదేళ్ళే ఉంటుంది. మిగతా 40 ఏళ్ళూ ముందుమాటలా అయిపోతాయి.

ఇంకో లెక్క కూడా వేశాను. ఒక్కో కుప్పలో అమ్మా నాన్నా ఇద్దరూ ఉన్నవి ఎన్ని అని చూశాను. మొదటి పదేళ్ళలో 14 ఉన్నాయి. రెండో పదేళ్ళలో, 61 ఫోటోల్లో 9! మూడో కుప్పలో 140కి 12. మరి మిగతావాటిలో ఎవరున్నారంటే, మేమున్నాం. నా పుట్టినరోజు, తమ్ముడి అక్షరాభ్యాసం, నా ఓణీల ఫంక్షన్, వాడి ఫ్యాన్సీ డ్రెస్సు. ఫోటో తీయించింది నాన్న, మా వెనకాల టిఫిను ప్లేట్లతో వంటింట్లో ఉన్నది అమ్మ. మీ ఇంట్లో ఆల్బమ్ తీసి చూడండి, ఇంచుమించు ఇలాగే ఉంటుంది. పిల్లలు పుట్టగానే అమ్మానాన్నలు ఫోటోల్లోంచి మాయమవుతారు. పిల్లలు రెక్కలొచ్చి వెళ్ళిపోయాక మళ్ళీ కనిపిస్తారు, అప్పటికి జుట్టు నెరిసిపోయి ఉంటుంది. పాతవీ కొత్తవీ సమంగా పెట్టాలని అందరూ అంటారు కానీ, అసలు గొయ్యి మధ్యలో ఉంది.

అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నాను. 12 అంగుళాల చదరం ఆల్బమ్, 40 పేజీలు. అయిదు పదేళ్ళకీ తలా ఎనిమిది పేజీలు. ఫోటోలు తక్కువున్న పదేళ్ళకి తక్కువ పేజీలు ఇవ్వకూడదు, ఎక్కువున్న పదేళ్ళకి ఎక్కువ ఇవ్వకూడదు. పేజీకి ఒకటో రెండో ఫోటోలు, అంతకు మించి వద్దు. అమ్మకి ఒక కంటికి శుక్లం ఆపరేషన్ అయింది, నాన్నకి 77 ఏళ్ళు. ఒక పేజీలో తొమ్మిది చిన్న చిన్న ఫోటోలు పేర్చి ఇస్తే మనకి ముచ్చటగా ఉంటుంది కానీ వాళ్ళకి ఎవరు ఎవరో ఆనదు. అన్నీ తేలాక మొత్తం 74 ఫోటోలు పట్టాయి.

మొదటి పదేళ్ళ ఎనిమిది పేజీలూ తేలిగ్గానే నిండాయి. ఉన్నవి తక్కువే అయినా ఒక్కోటీ పేజీ మొత్తానికి సరిపడే ఫోటో. 1975లో రీలు ఖర్చెక్కువ కాబట్టి, ఫోటోగ్రాఫర్ అందరినీ నిలబెట్టి, ఊపిరి బిగబట్టించి తీసేవాడు. పెళ్ళిలో తీసినవి మొత్తం 11 అట! అందులో తలంబ్రాలది ఒకటి, అరుంధతిని చూపిస్తున్నది ఒకటి, పెళ్ళయిన వారానికి స్టూడియోలో తెర ముందు కూర్చుని తీయించుకున్నది ఒకటి తీసుకున్నాను. నలుపు తెలుపువి చెక్కు చెదరలేదు. వాటికి రంగులు వేయిద్దామని మా ఆడపడుచు అంది. పెళ్ళి చీర ఏ రంగో మనకి తెలుసా వదినా, అన్నాను. అమ్మకి తెలుసు. అది తప్పు రంగులో కనిపిస్తే ఆవిడ చూపు అక్కడే ఆగిపోతుంది. అలాగే ఉంచేశాం.

రెండో పదేళ్ళ దగ్గర వచ్చింది తంటా. ఉన్న తొమ్మిదీ అతుక్కునే ఆల్బమ్‌లో ఉన్నాయి. అట్ట మీద జిగురు గీతలు, పైన పల్చటి ప్లాస్టిక్ కాగితం ఉండేవి చూడండి, ఆ రకం. అప్పట్లో అవి గొప్ప. ఇప్పుడు చూస్తే ఆ జిగురు గోధుమరంగుకి తిరిగి, ఫోటోలు అట్టకి కరుచుకుపోయాయి. గోరుతో లేపితే మూల చిరుగుతుంది, ఫోటో వంగితే పైన పొర పగులుతుంది. దీనికి ఉపాయం దారం. పళ్ళు శుభ్రం చేసుకునే మైనపు దారం కానీ, గట్టి కుట్టు దారం కానీ తీసుకుని, ఫోటో ఒక మూల కిందకి దూర్చి, రెండు చేతులతో అటూ ఇటూ రంపంలా ఆడిస్తూ మెల్లగా కిందిదాకా రావాలి. అలా ఆరు ఊడి వచ్చాయి. మూడు రాలేదు. రానివాటిని బలవంతం చెయ్యకుండా, ప్లాస్టిక్ ఎత్తేసి పేజీతో సహా స్కానర్ మీద బోర్లించాను. స్కానర్ లేకపోతే కిటికీ పక్కన, ఎండ సూటిగా పడని చోట పెట్టి, ఫ్లాష్ లేకుండా ఫోన్‌తో తీసుకోవచ్చు. ఫోను వంచకుండా ఫోటోకి సమాంతరంగా పట్టుకోవాలి. లేకపోతే మనుషుల తలలు పెద్దవీ కాళ్ళు చిన్నవీ అవుతాయి.

తొమ్మిదితో ఎనిమిది పేజీలు నిండవు కదా. అప్పుడు ఆ స్టూడియో కవర్లు విప్పాను. వాటిలో నెగెటివ్ ముక్కలున్నాయి. ఆ రోజుల్లో రీలుకి 36 ఫోటోలొస్తే, బాగున్నవే ప్రింటు వేయించేవారు. కళ్ళు మూసినవీ, కదిలినవీ డబ్బు దండగని వదిలేసేవారు. ఆ వదిలేసినవి నెగెటివ్‌లలో అలాగే ఉంటాయి. ట్యూబులైటుకి అడ్డంగా పెట్టి చూస్తే నల్లగా ఉన్నది తెల్లగా, తెల్లగా ఉన్నది నల్లగా కనిపిస్తుంది కానీ, మనుషులు నిలబడ్డ తీరు తెలిసిపోతుంది. మొహాలు దెయ్యాల్లా ఉన్నా మన అమ్మని మనం పోల్చుకోలేమా! వేళ్ళ ముద్రలు పడకుండా అంచులు పట్టుకుని, నెగెటివ్ స్కాన్ చేసే స్టూడియోకి తీసుకెళ్ళాను.

అందులో దొరికింది నాకు ఈ ఆల్బమ్ మొత్తంలోకీ ఇష్టమైన ఫోటో. 1989 వేసవి. తమ్ముణ్ణి కొత్త సైకిలు మీద కూర్చోబెట్టి తీస్తుంటే వాడు పక్కకి ఒరిగిపోయాడు. ఫోటోలో సగం సైకిలే ఉంది. వెనక డాబా మెట్ల మీద వడియాల పళ్ళెంతో అమ్మ, పట్టుకోవడానికి పరిగెడుతున్న నాన్న. అమ్మ నోరంతా తెరిచి నవ్వుతోంది. అమ్మ అలా నవ్విన ఫోటో ఇంకెక్కడా లేదు. ప్రింటు వేయించిన ఫోటోలన్నిటిలో అమ్మ పెదాలు బిగించి కొంగు సర్దుకునే ఉంది. సైకిలు కదిలిపోయిందని దండగ కింద పోయిన ఫోటో అది.

మిగిలిన ఖాళీలు ఎదుటివాళ్ళ ఇళ్ళలో దొరికాయి. మన అమ్మానాన్నల ఫోటోలు మన దగ్గర లేకపోతే, వాళ్ళు వెళ్ళిన పెళ్ళిళ్ళ ఆల్బమ్‌లలో ఉంటాయి. మా చిన్నపిన్ని పెళ్ళి 1986లో అయింది. పిన్నికి ఫోన్ చేసి, అక్షింతలు వేసే దగ్గరా, భోజనాల పంక్తిలో, ఆఖరి గ్రూపు ఫోటోలో చూడమన్నాను. ఈ మూడు చోట్లా పెళ్ళికొచ్చిన ప్రతి దంపతులూ పడతారు. అక్క బావ జంటగా పీటల దగ్గర వంగి అక్షింతలు వేస్తున్న ఫోటో పిన్ని రెండు రోజుల్లో పంపింది. బాబాయి వాళ్ళ గృహప్రవేశంలోంచి ఇంకొకటి వచ్చింది. ఎవరినైనా అడిగేటప్పుడు "అమ్మావాళ్ళ పాత ఫోటోలుంటే పంపండి" అంటే ఏమీ రావు. ఫలానా ఏడాది, ఫలానా ఫంక్షన్, ఫలానా చోట చూడండని చెప్తే వస్తాయి.

ఇద్దరూ కలిసి లేనప్పుడు ఎదురెదురు పేజీలు వాడుకున్నాను. ఎడమ పక్క స్కూల్లో స్టాఫ్‌తో నాన్న, కుడి పక్క అదే ఏడాది సంక్రాంతి ముగ్గు దగ్గర అమ్మ. ఆల్బమ్ మూసినప్పుడు ఇద్దరూ ఒకరికొకరు ఆనుకునే ఉంటారు!

పదేళ్ళ నుంచి పదేళ్ళకి దాటడానికి ఒక వంతెన కావాలనిపించింది. అది కృష్ణా పుష్కరాల్లో దొరికింది. 12 ఏళ్ళకోసారి వస్తాయి కాబట్టి 1980, 1992, 2004, 2016. నాలుగుసార్లూ అమ్మానాన్నలు విజయవాడ వెళ్ళారు, నాలుగుసార్లూ ఘాట్ దగ్గర ఫోటో ఉంది. 1980లో నేను నాన్న భుజం మీదున్నాను. 1992లో ఇద్దరూ మా ఇద్దరి చేతులూ పట్టుకుని నిలబడ్డారు. 2004లో ఇద్దరే ఉన్నారు, నాకు పెళ్ళయిపోయింది, తమ్ముడు అమెరికా వెళ్ళాడు. 2016లో మెట్లు దిగడానికి నాన్న చెయ్యి అమ్మ పట్టుకుంది. ఈ నాలుగింటినీ ఎక్కడివక్కడ ఆయా పదేళ్ళలో పెట్టాను. ఒకే చోట వరసగా పెడితే గమ్మత్తుగా ఉంటుందని తమ్ముడన్నాడు కానీ, పేజీలు తిప్పుతూ మళ్ళీ కృష్ణ ఒడ్డు కనిపించినప్పుడల్లా "ఓహో, ఇంకో పన్నెండేళ్ళయ్యాయి" అనిపించడం నాకు బాగుంది.

పుష్కరాలు లేని నాలుగో పదేళ్ళకి నాన్న రిటైర్మెంటు ఫైలు ఆదుకుంది. జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల మాస్టారుగా 2006లో, 58 ఏళ్ళకి రిటైరయ్యారు. పెన్షన్ కాగితాలకి భార్యాభర్తల జాయింటు ఫోటో అడుగుతారు. కాపీలన్నీ ఆఫీసుకిచ్చి, ఒక్కటి గుండుసూదితో ఫైల్లో గుచ్చుకున్నారు. 31 ఏళ్ళ కాపురం తర్వాత, స్టూడియోలో తెర ముందు మళ్ళీ ఇద్దరే! పెళ్ళయిన వారానికి తీయించుకున్నదాంట్లోలాగే అమ్మ ఎడమ పక్క, అలాగే బెదురు చూపు. మీ నాన్నగారు కానీ అమ్మగారు కానీ ఉద్యోగం చేసినవారైతే ఆ ఫైలు ఓసారి తిరగెయ్యండి.

ఈ నాలుగు పుష్కరాల ఫోటోల వల్లే ఇంకో సంగతి కూడా తెలిసింది. పాత ఫోటో చిన్నది కాబట్టి పెద్దగా రాదనీ, ఫోన్లో ఫోటో కొత్తది కాబట్టి ఎంతైనా వస్తుందనీ మనం అనుకుంటాం. ప్రింటుకి అంగుళానికి 300 చుక్కలు ఉంటే స్పష్టంగా ఉంటుంది. 1980 ఫోటో వెడల్పు 3 అంగుళాలే. దాన్ని అంగుళానికి 600 చుక్కల చొప్పున స్కాన్ చేయిస్తే 1,800 చుక్కలు వచ్చాయి. అంటే 6 అంగుళాల వెడల్పున వేసుకోవచ్చు. 2004ది తమ్ముడి స్నేహితుడి డిజిటల్ కెమెరాది, 1,600 చుక్కలు. 5 అంగుళాల పైన కొంచెం. 2016ది మా మరిది ఫోన్లో తీసింది, వాట్సాప్‌లో నాకు చేరింది. విప్పి చూస్తే అదీ 1,600 చుక్కలే! పంపేటప్పుడు వాట్సాప్ దాన్ని కుదించేసింది. మరిదికి ఫోన్ చేసి, అసలు ఫోటోని డాక్యుమెంటుగా పెట్టి పంపమన్నాను. అప్పుడు 4,000 చుక్కలు వచ్చింది, పేజీ మొత్తానికి సరిపోయింది. ఫ్యామిలీ గ్రూపులో ఉన్నదే ఆల్బమ్‌కి వాడేస్తే, కొత్త ఫోటోలే పాతవాటికంటే మసకగా వస్తాయి. ఒక్కటి గుర్తుంచుకోండి, మొదట్లోనే కదిలిపోయి మసకబారిన ఫోటోని ఎన్ని చుక్కల్లో స్కాన్ చేసినా మసక పెద్దదవుతుంది, అంతే.

రంగుల సంగతి కూడా చెప్పాలి. 1992 ఫోటో అంతా ఎర్రబారిపోయింది. ఆ కాలం రంగుల ప్రింట్లు చాలావాటిలో నీలం ముందు వెలిసిపోయి, ఎరుపు మిగులుతుంది. స్టూడియో అబ్బాయి సరిచేస్తానంటే, మొహాల రంగు మామూలుగా కనిపించేదాకా చాలన్నాను. మరీ దిద్దితే నది ఆకుపచ్చగా తయారైంది. అలాంటి వెలిసిన ఫోటో పక్కన నిన్న మొన్నటి ఫోన్ ఫోటో పెడితే, పాపం పాతది ఇంకా వెలవెలబోతుంది. అందుకని ఒక పేజీలో ఒకే కాలంవి పెట్టాను.

ఇక చివరి పదేళ్ళు. ఎనిమిది పేజీలకి 16 ఫోటోలు, ఎదురుగా వేలకి వేలు. తమ్ముడు మనవల ఫోటోలు వదలనని పట్టుబట్టాడు. ప్రతి ఫోటోకీ ఒక్కటే ప్రశ్న వేసుకుందామన్నాను. ఇది వాళ్ళిద్దరి ఫోటోనా, వాళ్ళు కూడా ఉన్న ఫోటోనా? మనవరాలి బర్త్‌డే కేకు వెనక చప్పట్లు కొడుతున్న అమ్మానాన్నలు, వాళ్ళు కూడా ఉన్న ఫోటో. మనవరాలికి నాన్న ఎక్కాలు చెప్తుంటే, తలుపు దగ్గర నిలబడి అమ్మ నవ్వుకుంటున్నది వాళ్ళ ఫోటో. ఒక ఫంక్షన్‌కి ఒక్కటే అనే నియమం కూడా పెట్టుకున్నాం. దాంతో వాడి నాలుగు వేలూ ఒక్క ఆదివారంలో 60కి దిగాయి. 60 నుంచి 16కి రావడానికి మాత్రం మూడు వారాలు పట్టింది.

ఆ 16లో ఒకదాని దగ్గర నేనూ తమ్ముడూ మాటా మాటా అనుకున్నాం.

2019లో అమ్మకి రొమ్ము క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్, తర్వాత ఆరు కీమోలు. మూడో దానికి జుట్టంతా పోయింది. ఒక సాయంత్రం పెరట్లో అమ్మ తలకి తువ్వాలు చుట్టుకుని కుర్చీలో కూర్చుంది. నాన్న ఎదురుగా ముక్కాలి పీట మీద కూర్చుని, కళ్ళజోడు ముక్కు మీదకి జారిపోతుంటే, దానిమ్మ గింజలు స్టీలు గిన్నెలోకి ఒలుస్తున్నారు. అమ్మ గిన్నె వైపు కాదు, ఆయన చేతుల వైపు చూస్తోంది. వంటింటి కిటికీలోంచి ఫోటో తీశాను. అమ్మ చూసి, "ఉంచుకో, కానీ ఎవరికీ పంపకే" అంది. పంపలేదు, ఆల్బమ్ పని మొదలయ్యేదాకా తమ్ముడు కూడా చూడలేదు.

"పండగ పూట అది ఎందుకక్కా? అందరూ వచ్చి చూస్తారు, అమ్మ చిన్నబుచ్చుకుంటుంది" అన్నాడు వాడు. వాడు ఆ ఆరు నెలల్లో సెలవు దొరక్క రెండుసార్లే రాగలిగాడు. ఆ ఫోటో చూడగానే వాడి గొంతు మారిపోయింది. నాకేమో, ఈ 50 ఏళ్ళలో వాళ్ళిద్దరి ఫోటో ఏదీ అంటే ఇదే అనిపిస్తుంది. దాన్ని తీసేస్తే 2018 దీపావళి నుంచి 2020 సంక్రాంతికి గెంతాలి. ఆ సంక్రాంతి ఫోటోలో అమ్మకి పొట్టి జుట్టు ఉంటుంది. ఎందుకుందో ఆల్బమ్ చెప్పదు.

రెండు రోజులు ఎవరి మాట మీద వాళ్ళం ఉన్నాం. అయితే ఒకటి మాత్రం నా మనసులో మెదులుతూనే ఉంది. ఆ ఫోటో తీసినప్పుడు అమ్మ ఒక మాట అడిగింది, నేను సరేనన్నాను. పెళ్ళిరోజుకి వచ్చే 40 మంది చేతుల్లో తిరిగే పుస్తకంలో దాన్ని అచ్చు వేయించడం పంపడంకంటే ఎక్కువే. ఫోటో ఎంత గొప్పదైనా ఆ తల అమ్మది. చూపించాలా వద్దా అన్నది నేనూ, తమ్ముడూ వాదించుకుని తేల్చే విషయం కాదు. అలాగని అమ్మని ముందే అడిగితే ఆల్బమ్ సంగతి బయటపడిపోతుంది.

అందుకని ఇలా చేశాం. పేజీల్లో దాన్ని వేయించలేదు. పోస్టుకార్డు సైజులో విడిగా ఒక ప్రింటు తీయించి, వెనక అట్ట లోపలివైపు కవరు అంటించి అందులో పెట్టాం. కవరు మీద "అమ్మకి" అని రాశాను. 2020 సంక్రాంతి ఫోటో ముందు పేజీలో ఒక్కటే ఫోటో వేసి, మిగతా సగం ఖాళీగా వదిలేశాం. తమ్ముడు ఇంకేం మాట్లాడలేదు, "ఆ ప్రింటు నాకూ ఒకటి తీయించక్కా, అమ్మ సరేనంటేనే పంపు" అన్నాడు.

పెళ్ళిరోజున ఆల్బమ్ చేతులు మారుతూ హాలంతా తిరిగింది. పిన్ని 1986 అక్షింతల దగ్గర ఆగిపోయింది. నాన్న సైకిలు ఫోటో చూసి, "ఈ రోజు వడియాలన్నీ మెట్ల మీద ఒలికిపోయాయి, తెలుసా" అన్నారు. ఆ సంగతి మా ఇద్దరికీ తెలియదు. అమ్మ పెన్షన్ ఫోటో చూసుకుని, "ఇంత భయపడ్డానా!" అని పకపకా నవ్వింది. వెనక అట్ట దాకా ఎవరూ వెళ్ళలేదు.

చుట్టాలంతా వెళ్ళిపోయిన మూడో రోజు, మధ్యాహ్నం భోజనాలయ్యాక అమ్మ తనే కవరు తీసింది. చాలాసేపు చూసింది. నాన్న పక్కనుంచి తొంగి చూసి, "ఏమోయ్, ఆ గిన్నె ఇంకా ఉందా?" అనడిగారు. "ఉందండీ, పప్పు తాలింపుకి వాడుతున్నాను" అంది అమ్మ. తర్వాత ఆల్బమ్ ఒళ్ళో పెట్టుకుని, పేజీలు తిప్పుతూ వెళ్ళి ఆ సగం ఖాళీ పేజీ దగ్గర ఆగింది. ఫోటోని అక్కడ పెట్టి చూసుకుంది. సరిగ్గా పట్టింది.

జిగురు తెస్తానని లేచాను.

"వద్దులే, అంటించకు" అంది. "ఎవరైనా వచ్చినప్పుడు తీసి కవర్లో పెట్టుకుంటాను. వాళ్ళు వెళ్ళాక మళ్ళీ ఇక్కడ పెట్టుకుంటాను. తమ్ముడికి మాత్రం ఒకటి పంపించు."